ఒంటివరుస గోడ: బలమంతా అతుకులోనే

త్రీడీ ప్రింటర్ మీద తయారైన పల్చటి పూలకుండీని రెండు వేళ్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే అది పగిలే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు చిట్‌మని చిన్న చప్పుడొస్తుంది. ఆ వెంటనే చీలిక అడ్డంగా, కుండీ చుట్టూ పాకుతూ పోతుంది. నిలువుగా చీలడం అరుదు. పగిలిన అంచును వేలితో తడిమి చూస్తే గరుకు తగలదు, నున్నగా, కాస్త గుండ్రంగా ఉంటుంది. అంటే అక్కడ ప్లాస్టిక్ తెగలేదు. ఒక వరుస తన కింది వరుసను వదిలేసి ఊడివచ్చింది, అంతే.

అందుకే ఇలాంటి గోడ ఎంత మందంగా కనిపిస్తోందో చూసి దాని బలాన్ని లెక్కగట్టకూడదు. పై వరుస, కింది వరుస ఒకదాన్నొకటి ఎంత వెడల్పున అంటుకున్నాయి, ఎంత వేడిగా ఉన్నప్పుడు అంటుకున్నాయి అన్నవే చూడాలి. ఆ రెంటినీ నిర్ణయించేవి నాజిల్ గీసే వరుస వెడల్పు, దాని ఎత్తు, నాజిల్లోంచి సెకనుకు బయటికొచ్చే ప్లాస్టిక్ పరిమాణం. డబ్బాలు, కుండీలు, పెన్‌స్టాండ్లు, లాంప్‌షేడ్లు ప్రింట్ చేసుకునేవాళ్లు ఈ మూడింటినీ అర్థం చేసుకుంటే అదే మెషీన్ మీద, అదే ఫిలమెంట్‌తో ఎంతో గట్టి వస్తువు తీయొచ్చు. పైగా, చాలాసార్లు తక్కువ సమయంలోనే తీయొచ్చు.

ఎక్కడా ఆగని వరుస

ఇంట్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో కనిపించే మామూలు త్రీడీ ప్రింటర్ పని చేసే పద్ధతి జంతికల గొట్టం లాంటిదే. 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తీగను ఒక చిన్న మోటారు పైనుంచి తోస్తుంది, హీటర్ దాన్ని కరిగిస్తుంది, అడుగున ఉన్న నాజిల్ రంధ్రంలోంచి అది సన్నటి వరుసగా బయటికి వస్తుంది. వస్తువును పొరలుగా కోసి, ఏ పొరలో నాజిల్ ఎటు తిరగాలో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను స్లైసర్ అంటారు.

మామూలు ప్రింటులో ఒక పొర పూర్తయ్యాక నాజిల్ ఆగుతుంది, ఒక పొర మందం పైకి జరుగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఆగి మొదలైన చోటల్లా చిన్న బొడిపె మిగులుతుంది. అవన్నీ ఒకదాని మీద ఒకటి చేరితే వస్తువు మీద పైనుంచి కిందికి మచ్చలాంటి కుట్టుగీత ఏర్పడుతుంది. గోడ కూడా రెండు మూడు వరుసల మందం ఉంటుంది, లోపల జల్లెడలాంటి నింపుడు ఉంటుంది.

వేజ్ మోడ్‌లో ఇవేవీ ఉండవు. అడుగుభాగం మాత్రం మామూలుగా నాలుగైదు పొరలు గట్టిగా వేసి, అక్కడి నుంచి నాజిల్ ఒకే చుట్టు మొదలుపెడుతుంది. తిరుగుతూ తిరుగుతూనే కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. అంచు వచ్చేదాకా ఎక్కడా ఆగదు, ఎక్కడా ప్లాస్టిక్‌ను వెనక్కి లాక్కోదు. గోడ మొత్తం ఒకే ఒక వరుస. ప్రూసాస్లైసర్‌లో దీని పేరు `Spiral vase`, క్యూరాలో `Spiralize Outer Contour`.

స్లైసర్ రాసే ఆదేశాలు తెరిచి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. కింది మూడు పంక్తులు 8 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి డబ్బా గోడలో ఒక చిన్న ముక్కవి.

```
G1 X139.522 Y102.487 Z30.003 E0.22826
G1 X139.288 Y104.963 Z30.006 E0.22826
G1 X138.899 Y107.420 Z30.009 E0.22826
```

`X`, `Y` నాజిల్ ఎక్కడికి వెళ్లాలో చెబుతాయి. `Z` ఎత్తు. మామూలు ప్రింటులో ఒక పొర అంతా అయ్యేవరకు `Z` మారదు. ఇక్కడ ప్రతి పంక్తికీ 0.003 మిల్లీమీటర్లు పెరుగుతోంది, వంద పంక్తులకు ఒక చుట్టు పూర్తయ్యేసరికి 0.3 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. చివరనున్న `E` ఆ కాస్త దూరానికి లోపలికి తోయాల్సిన తీగ పొడవు, మిల్లీమీటర్లలో. గోడ బలం గురించి మనం చేసే మార్పులన్నీ చివరికి ఈ `E` అంకెలోకే చేరతాయి.

ఈ పద్ధతికి దాని షరతులు దానికున్నాయి. ఏ ఎత్తులో కోసినా వస్తువుకు ఒకే ఒక్క మూసిన గీత రావాలి. కాబట్టి చెవి ఉన్న కప్పు కుదరదు, గోడలో కిటికీ కుదరదు. డిజైన్ గీసేటప్పుడు లోపల బోలుగా కాకుండా నిండు దిమ్మలా గీయాలి. స్లైసర్ బయటి అంచును మాత్రమే తీసుకుని, దాన్నే గోడగా మారుస్తుంది. గోడ ఎంత మందం ఉండాలో డిజైన్‌లో ఎక్కడా ఉండదు. వరుస వెడల్పు ఎంత పెడితే అదే మందం.

వెడల్పులోంచి ఎత్తును తీసేస్తే

ఒక వరుసను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే అది నలుచదరంగా ఉండదు. పైన, కింద చదునుగా, రెండు పక్కలా గుండ్రంగా, మందుబిళ్లను పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. నాజిల్ మూతి దాన్ని పైనుంచి నొక్కుతుంది కాబట్టి చదును, పక్కలకు పొంగుతుంది కాబట్టి గుండ్రం. ప్రూసాస్లైసర్ కూడా లెక్క కట్టేటప్పుడు ఈ ఆకారాన్నే తీసుకుంటుంది.

ఇలాంటి వరుసల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే, గుండ్రటి పక్కలు ఒకదాన్నొకటి తాకవు. చదునైన భాగం మాత్రమే తాకుతుంది. ఆ చదును వెడల్పు ఎంతంటే, వరుస వెడల్పులోంచి వరుస ఎత్తును తీసేస్తే మిగిలేదే. గోడలో నిజంగా బరువు మోసే అతుకు ఇదే.

0.4 నాజిల్‌తో చాలా స్లైసర్లు మొదట్లో ఇచ్చే వెడల్పు 0.45 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పొర ఎత్తు 0.2 అనుకుంటే అతుకు 0.25 వస్తుంది. కాలిపర్ పెట్టి కొలిస్తే 0.45 మందం కనబడుతుంది, కానీ పట్టు అందులో సగానికి కాస్త ఎక్కువే. త్వరగా అయిపోవాలని పొర ఎత్తును 0.3కి పెంచామనుకోండి. కాలిపర్ ఇప్పుడూ 0.45 అనే చెబుతుంది, అతుకు మాత్రం 0.15కి పడిపోతుంది. కొలతకు దొరకని ఈ తేడా చేతిలో పట్టుకుని నొక్కితే వెంటనే తెలిసిపోతుంది.

ఇక వెడల్పును 0.8కి తీసుకెళ్దాం. ఎత్తు 0.3 ఉంచినా అతుకు 0.5 వస్తుంది. మొదటి దానికి సరిగ్గా రెట్టింపు. నిజానికి కరిగిన ప్లాస్టిక్ ఈ లెక్క చెప్పిన దానికన్నా కొంచెం ఎక్కువే పాకి అంటుకుంటుంది కాబట్టి ఈ అంకెల్ని అక్షరాలా తీసుకోనక్కర్లేదు. ఏది గట్టి, ఏది బలహీనం అన్న వరస మాత్రం ఇదే.

మందం పెరిగితే ఇంకొకటి కూడా కలిసొస్తుంది. పల్చటి పలక వంగడానికి చూపే బిర్రు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపయితే బిర్రుతనం ఎనిమిది రెట్లు. 0.45 నుంచి 0.8కి వెళ్తే దాదాపు ఐదున్నర రెట్లు. డబ్బాను చేతిలోకి తీసుకోగానే లొట్టపోకుండా నిలబడటానికి కారణం ఇదే. గోడ తక్కువ వంగితే అతుకు మీద పడే లాగుడు కూడా తక్కువే.

వాలు గోడలున్న కుండీల్లో వెడల్పు ఇంకా ఎక్కువ ముఖ్యం. గోడ 45 డిగ్రీలు బయటికి వాలితే, ప్రతి చుట్టూ కింది చుట్టు కంటే ఒక పొర ఎత్తంత బయటికి జరుగుతుంది. ఎత్తు 0.3 అయితే జరుగుడూ 0.3. వరుస వెడల్పు 0.45 ఉంటే కింద ఆనుకోవడానికి 0.15 మాత్రమే మిగులుతుంది, మిగతాదంతా గాల్లోనే. వెడల్పు 0.8 ఉంటే 0.5 ఆనుతుంది. వేజ్ మోడ్‌లో లోపలినుంచి పట్టుకునే రెండో వరుస లేదు కాబట్టి, ఈ ఆనుడు లేనిచోట గోడ వేలాడి, దారాలు దారాలుగా విడిపోతుంది.

చిన్న రంధ్రం, పెద్ద వరుస

0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి 0.8 వెడల్పు వరుస ఎలా వస్తుందని చాలామందికి సందేహం. రహస్యం నాజిల్ మూతిలో ఉంది. రంధ్రం చుట్టూ చదునైన అంచు ఉంటుంది. మామూలు ఇత్తడి 0.4 నాజిల్‌కు ఆ చదును మొత్తం దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఎక్కువ ప్లాస్టిక్ తోస్తే అది ఆ చదును అడుగున పక్కలకు పరుచుకుంటుంది, చదును దాన్ని ఇస్త్రీ చేసినట్టు కింది వరుసకేసి అదుముతుంది. పట్టు రావడానికి ఈ అదుముడే ఆధారం.

వరుస ఆ చదునును దాటి వెడల్పయితే అదుముడు ఉండదు. అంచులు నాజిల్ పక్కలకు ఎగబాకి గరుకుగా తేలతాయి, నాజిల్‌కు కరిగిన ప్లాస్టిక్ అంటుకుని గోడ మీద ముద్దలు ముద్దలుగా రాలుతుంది. అందుకే రంధ్రానికి రెట్టింపు వెడల్పు దాకా వెళ్లొచ్చు, అంతకు మించొద్దు అన్నది అనుభవం మీద నిలిచిన కొలత. అలాగే పొర ఎత్తు రంధ్రంలో ముప్పాతిక వంతు దాటితే, అంటే 0.4 నాజిల్‌కు 0.3 దాటితే, అదుముడు తగ్గిపోయి వరుస కింది దాని మీద ఊరికే వాలినట్టు ఉంటుంది.

నా మటుకు నేను డబ్బాలకు 0.6 నాజిల్‌నే ఇష్టపడతాను. 0.8 వెడల్పు వరుసకు దాన్ని సతాయించనక్కర్లేదు, లోపల ఒత్తిడి తక్కువ, మూతి చదును ఇంకాస్త విశాలం. 0.4 నాజిల్ తీయడం కుదరనివాళ్లు 0.6 నుంచి 0.7 వెడల్పు దగ్గర ఆగితే వేగం విషయంలో కాస్త వెసులుబాటు మిగులుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. గోడ మందంగా రావాలని వెడల్పు జోలికి పోకుండా ఫ్లో శాతం పెంచేస్తారు. ప్రూసాస్లైసర్‌లో దాన్ని `Extrusion multiplier` అంటారు, క్యూరాలో `Flow`. వచ్చే ప్లాస్టిక్ పెరుగుతుంది నిజమే. కానీ ఆ సంగతి స్లైసర్‌కు తెలియదు. 0.45 వరుస కదా అనుకుని అది నాజిల్ దారిని డబ్బా బయటి అంచు నుంచి 0.225 లోపలికి గీసి పెట్టింది. ఫ్లోను 130 శాతం చేస్తే 0.2 ఎత్తు దగ్గర అసలు వెడల్పు 0.57కి వస్తుంది, పెరిగిందాంట్లో సగం బయటికి పొంగుతుంది. డబ్బా వ్యాసం 0.12 మిల్లీమీటర్లు పెరిగిపోతుంది. పూలకుండీకి ఇది లెక్కలోది కాదు. మూత బిగుతుగా కూర్చోవాల్సిన డబ్బాకు మాత్రం ఇబ్బందే. వెడల్పు అంకెనే మారిస్తే స్లైసర్ దారిని తగినంత లోపలికి జరుపుతుంది, బయటి కొలత చెక్కుచెదరదు. ప్రూసాస్లైసర్‌లో మార్చాల్సింది `Extrusion width` కింద ఉన్న `External perimeters`. ఒంటివరుస గోడ స్లైసర్ దృష్టిలో బయటి గోడే కాబట్టి, పక్కనున్న మిగతా అంకెలు ఎన్ని మార్చినా గోడ మారదు.

ఫ్లో శాతం ఉన్నది వేరే పనికి. తీగ మందంలో, తోసే పళ్లచక్రం పట్టులో ఉండే చిన్న తేడాల్ని సరిచేయడానికి. 0.8 అడిగితే కాలిపర్‌లో 0.84 వస్తోందంటే శాతాన్ని కాస్త తగ్గిస్తాం. అయిదారు శాతానికి మించి మార్చాల్సి వస్తోందంటే అసలు తప్పు మరెక్కడో ఉంది.

ఒక డబ్బా లెక్క

8 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి డబ్బా తీసుకుందాం. ఒక చుట్టు దాదాపు 250 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ పీఎల్‌ఏ, నాజిల్ వేగం సెకనుకు 50 మిల్లీమీటర్లు.

0.45 వెడల్పు, 0.2 ఎత్తుతో 500 చుట్లు తిరగాలి. మొత్తం 125 మీటర్ల వరుస. గోడ బరువు దాదాపు 12.6 గ్రాములు, సమయం 42 నిమిషాలు. అదే డబ్బాను 0.8 వెడల్పు, 0.3 ఎత్తుతో తీస్తే 333 చుట్లు చాలు. బరువు 22.7 గ్రాములు, సమయం 28 నిమిషాలు. పది గ్రాముల ప్లాస్టిక్ ఎక్కువ పడింది, అతుకు రెట్టింపయింది, పావుగంట కలిసొచ్చింది. ఒంటివరుస గోడలో బలం, వేగం ఒకదానికొకటి అడ్డు రాకపోవడం వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క చూస్తే అంతే.

అయితే ఈ లెక్కలో దాగిన అంకె ఒకటుంది. మొదటి డబ్బాకు నాజిల్‌లోంచి సెకనుకు 4 ఘన మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వస్తే చాలు. రెండో దానికి 11 రావాలి. వేగం రెంటికీ ఒకటే, కానీ కరిగించాల్సిన ప్లాస్టిక్ దాదాపు మూడు రెట్లు. మామూలు హాట్ ఎండ్ పీఎల్‌ఏను సెకనుకు 11 నుంచి 15 ఘన మిల్లీమీటర్ల దాకా కరిగించగలదు. అంటే మన రెండో డబ్బా అప్పటికే గీత దగ్గర నిలబడి ఉంది. నాజిల్ మార్చినంత మాత్రాన ఈ గీత పెద్దగా జరగదు. రంధ్రం పెద్దదైతే బయటికొచ్చే దారి సులువవుతుంది, కరిగించే హీటర్ పొడవు మాత్రం పాతదే. హై ఫ్లో హాట్ ఎండ్ ఉన్న మెషీన్లలో ఈ పరిధి ఇంకా పైన ఉంటుంది.

గీత దాటితే ఏమవుతుంది? తీగ లోపలి భాగం సరిగా కరగక ముందే నాజిల్ దాకా వచ్చేస్తుంది. తోసే చక్రం దాన్ని ముందుకు నెట్టలేక జారుతుంది, టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది. గోడ మీద సన్నటి గాట్లు, సూదిమొన రంధ్రాలు వస్తాయి. మామూలు ప్రింటులో ఇవి లోపలి వరుసల చాటున దాగిపోతాయి. ఇక్కడ దాగడానికి చోటు లేదు. డబ్బాను ట్యూబ్‌లైట్ ముందు పెట్టి లోపలికి చూస్తే రంధ్రాలు చుక్కల్లా మెరుస్తాయి.

కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకా ముందే, చప్పుడూ రంధ్రమూ లేకుండానే జరిగే నష్టం. ఫ్లో పెరిగేకొద్దీ ప్లాస్టిక్ హీటర్‌లో ఉండే సమయం తగ్గుతుంది, అది కాస్త చల్లగానే బయటపడుతుంది. స్క్రీన్ మీద 205 డిగ్రీలని ఉన్నా ప్లాస్టిక్ ఆ వేడికి చేరి ఉండదు. ఒక వరుస మరో వరుసకు అంటుకోవడమంటే పై వరుస వేడికి కింది వరుస ఉపరితలం మళ్లీ మెత్తబడి, ఇద్దరి పాలిమర్ గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోవడం. అందుకు అతుకు దగ్గర వేడి పీఎల్‌ఏ గట్టిపడే హద్దుకు, దాదాపు 60 డిగ్రీలకు, పైన కొంతసేపు నిలవాలి. చల్లటి వరుస పడితే చొచ్చుకుపోవడం సగంలో ఆగిపోతుంది. మందం కొలిస్తే సరిగ్గా ఉంటుంది, వెలుతురు కనబడదు, నొక్కితే మాత్రం విడిపోతుంది.

కంటికి దొరికే గుర్తు ఒకటుంది. బాగా వేడిగా వచ్చిన పీఎల్‌ఏ నిగనిగలాడుతుంది, చల్లగా వచ్చింది మసకబారినట్టు ఉంటుంది. ఒకే డబ్బాలో కొంత మేర మెరుపు, కొంత మేర మసక పట్టీల్లా కనబడితే అక్కడ వేగమో వేడో మారిందన్నమాట.

మీ మెషీన్ గీత ఎక్కడుందో తేల్చుకోవడానికి పై డబ్బానే వాడుకోవచ్చు. వెడల్పు 0.8, ఎత్తు 0.3, వేగం 50 పెట్టి, చల్లారడం కోసం స్లైసర్ తనంతట తాను వేగం తగ్గించే ఏర్పాటును ఆపేయాలి. ప్రింటు మొదలయ్యాక మెషీన్ మీదున్న వేగం శాతాన్ని 60కి దించండి. గోడ 25 మిల్లీమీటర్లు లేచాక 100 చేయండి, సగానికి వచ్చాక 150, ముప్పాతికకు 200. మారిన ప్రతిచోటా ఎత్తు రాసిపెట్టుకోండి. ఫ్లో ఆ నాలుగు పట్టీల్లో దాదాపు 6.6, 11, 16.5, 22 ఉంటుంది. అయిపోయాక కత్తెరతో డబ్బాను పైనుంచి కిందికి కోసి, ప్రతి పట్టీ మందాన్ని రెండు మూడు చోట్ల కాలిపర్‌తో కొలవండి. తర్వాత ప్రతి పట్టీ నుంచి ఒక నిలువు ముక్క కోసి, మడత పడేలా వంచి విరవండి.

మందం మొదటి రెండు పట్టీల్లో 0.8 దగ్గరుండి, మూడో దాంట్లో 0.72కి పడిందనుకోండి. గీత 11కీ 16కీ నడుమ ఉన్నట్టు. కానీ రెండో పట్టీ ముక్క మొదటి దానికన్నా తేలిగ్గా, కొంచెం వంచగానే విరిగితే మందం సరిగ్గా ఉన్నా అతుకు అప్పటికే నీరసించిందని అర్థం. అప్పుడు రెండు దారులు. వేగాన్ని 35, 40కి తగ్గించడం, లేదా వేడిని పది పదిహేను డిగ్రీలు పెంచడం. నేనైతే రెండూ కొంచెం కొంచెం చేస్తాను. తేలిన అంకెలో ముప్పాతిక వంతును ప్రూసాస్లైసర్‌లో `Max volumetric speed` అన్న చోట రాసి పెడితే, ఆ తర్వాత వెడల్పు ఎంత మార్చినా దానికి తగ్గట్టు వేగాన్ని అదే సర్దుకుంటుంది.

మందం తక్కువ వచ్చినప్పుడు వెంటనే ఫ్లో శాతం పెంచొద్దని చెప్పేది కూడా ఇందుకే. ముందు వేగం సగానికి తగ్గించి చూడాలి. మందం తిరిగి వచ్చేస్తే లోపం కరిగించడంలో ఉంది, శాతం పెంచితే ఇంకా ముదురుతుంది. నెమ్మదిగా తీసినా 0.8 బదులు 0.76 వస్తుంటేనే శాతాన్ని సరిచేయాలి.

సన్నటి మెడ, అడుగు అంచు

సీసాలాంటి ఆకారాల్లో మెడ దగ్గర కథ తిరగబడుతుంది. మెడ వ్యాసం 2.5 సెంటీమీటర్లయితే ఒక చుట్టు 78 మిల్లీమీటర్లే. సెకనుకు 50 వేగంతో ఒకటిన్నర సెకన్లలో నాజిల్ మళ్లీ అదే చోటికి వచ్చేస్తుంది. కింది వరుస ఇంకా మెత్తగానే ఉంటుంది, నాజిల్ దాన్ని ఈడ్చుకుపోతుంది, మెడ వంకరపోతుంది. వెడల్పు వరుస ఎక్కువ వేడి మోసుకొస్తుంది కాబట్టి ఈ చిక్కు 0.45 కంటే 0.8 దగ్గర ఎక్కువ. స్లైసర్ అక్కడ వేగాన్ని సెకనుకు 15 మిల్లీమీటర్లకు దించేస్తుంది, పైన చెప్పిన మెరుపు పట్టీ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పొట్ట దగ్గరి వేగాన్ని కూడా ముందే కాస్త తగ్గించి పెడితే రెంటికీ తేడా తగ్గి, పట్టీ అంతగా కనబడదు. ఫ్యాన్ విషయంలోనూ ఇలాంటి బేరమే ఉంది. నిటారు గోడకు ఫ్యాన్ సగానికి తగ్గిస్తే అతుకు గట్టిపడుతుంది. వాలు గోడకూ సన్నటి మెడకూ పూర్తి గాలి కావాలి.

నలుచదరపు డబ్బాల చదును గోడలు ఒంటివరుసకు కలిసిరావు. ఎత్తు పెరిగేకొద్దీ నాజిల్ తగిలి అవి ఊగుతాయి, వరుసలు అటూ ఇటూ తప్పుకుంటాయి. గోడకు నిలువునా మడతలు, గాడులు ఇస్తే ఒక్క గ్రాము పెద్దగా పెరగకుండానే బిర్రుతనం ఎన్నో రెట్లు వస్తుంది. వేజ్ మోడ్ కుండీలన్నీ మెలితిరిగిన గాడులతో కనిపించడానికి అందం సగం కారణమైతే ఇది సగం.

ఇంత చేశాక కూడా నీళ్లు కారితే, కారే చోటు దాదాపు ఎప్పుడూ అడుగూ గోడా కలిసే మూలే. అడుగు పొరలు ఆగి చుట్టు మొదలయ్యేది అక్కడ. గోడ వంగినప్పుడు లాగుడంతా పడేదీ అక్కడే. అడుగుకు నాలుగుకు తక్కువ కాకుండా పొరలు వేయాలి. డిజైన్‌లో ఆ మూలను నిట్టనిలువు కోణంగా వదలకుండా రెండు మిల్లీమీటర్ల 45 డిగ్రీల వాలు ఇవ్వాలి. పరీక్షకు డబ్బాను సగం నీళ్లతో నింపి పొడి కాగితం మీద రాత్రంతా ఉంచితే చాలు, కారిన చోటు కింద కాగితం ఉబ్బి ముడతపడి ఉంటుంది.

నీళ్లు నిలిచినంత మాత్రాన అది తిండి పెట్టే డబ్బా కాదు. వరుసల మధ్య గాడుల్లో తడి, మురికి చేరితే కడిగినా పోవు, పీఎల్‌ఏ వేడినీళ్లకు వంకరపోతుంది కూడా. మన వేసవిలో ఎండలో ఆపిన కారులో వదిలేసిన పీఎల్‌ఏ కుండీ సాయంత్రానికి కుంగిపోవచ్చు. అలాంటి చోట్లకు 80 డిగ్రీల దాకా ఓర్చుకునే పీఈటీజీ మేలు. అది పీఎల్‌ఏ కంటే కాస్త నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి వేగం గీతను దానికి మళ్లీ వేరుగా కొలుచుకోవాలి. కోసిన పూలు పెట్టుకోవడానికైతే కుండీ లోపల సరిపడే గాజు గ్లాసు ఒకటి దించితే సరిపోతుంది, డిజైన్ గీసేటప్పుడే ఆ గ్లాసు వ్యాసానికి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టుకోవాలి.